టీవీలో నాలుగో గీత

మా ఆయన చెవులను ఐస్ ఫ్యాక్టరీ తినేసింది. కైకలూరులో ఇరవై ఆరేళ్ళు కంప్రెసర్ల పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఆ పని మానుకుని ఏలూరు వచ్చి ఇల్లు కట్టుకునేసరికి, వీధిలో లారీ హారన్ కొడితే వినపడేది, వంటింట్లో గిన్నె పడితే వినపడేది, ఎదురుగా మనిషి మాట్లాడితే మాత్రం గొంతు వినపడేది కానీ మాట తెలిసేది కాదు. నేను గొంతు పెంచితే విసుక్కునేవారు.

"అరుస్తావేంటే? అరిస్తే ఇంకా కలిసిపోతుంది. విడిగా చెప్పు."

ఈ సంగతి డాక్టరుకి అర్థమైంది, నాకు అర్థమైంది. మా పెద్ద ఆడపడుచుకి అందరికంటే ముందే అర్థమైంది, ఎందుకంటే ఆవిడ టీచరు. తాడేపల్లిగూడెంలో మిషన్ స్కూల్లో పనిచేసి, భర్త పోయాక, ఉద్యోగం అయిపోయాక, మా వీధిలోనే మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఇల్లు తీసుకుంది. తమ్ముడికి దగ్గరగా ఉంటుందని. నాకు దగ్గరగా ఉంటుందని ఎవరూ అనలేదు.

ఆవిడ గురించి ఒక మాట ముందే చెప్పాలి. నేను కొల్లేటి పిల్లని. పెళ్ళయిన మొదటి వారంలో మా ఊరి నుంచి మా నాన్న కొరమేను పంపిస్తే, పులుసు పెట్టాను. ఆవిడ ఒక ముద్ద తిని, అందరి ముందూ, చాలా మెత్తగా అంది: "పులుసు బాగుందమ్మాయ్. కాస్త కొల్లేరు వాసనొస్తోంది, అంతే." మా ఆయన నవ్వారు. అప్పటికి ఆయన చెవులు బాగానే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ నవ్వు నేను మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

రెండువేల ఎనిమిదిలో మా పాత టీవీ పిక్చర్ ట్యూబు పోయింది. బాగుచేయించడం దండగన్నారు. మర్నాటి నుంచి మా ఆయన సాయంత్రం వార్తలకు అక్కగారింటికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆవిడకు లావుపాటి పాత టీవీ ఉండేది, అద్దానికి అటూ ఇటూ ముందువైపే స్పీకర్లు. దాంట్లో మాట సూటిగా మొహం మీదికే వచ్చేది. ఏడు కావస్తుంటే ఆయన లేచి, తల దువ్వుకుని, చొక్కా వేసుకునేవారు. ఇంట్లో నా ముందు ఎప్పుడూ బనీనే. వార్తలు అరగంట. ఆయన వచ్చేది తొమ్మిదింటికి. నేను అన్నం వడ్డించుకుని గేటు వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఒక్కోసారి అక్కాతమ్ముళ్ళ నవ్వు నాలుగిళ్ళు దాటి మా వరండాలోకి వచ్చేది. ఏం చెప్పుకుని నవ్వుకున్నారో నాకెవరూ చెప్పేవారు కాదు.

"ఏమిటండీ అంత నవ్వు?"

"ఏదో పాత ముచ్చట్లే."

ఏ పాత ముచ్చట్లో! నేను లేని రోజులవి.

అదైనా ఓర్చుకునేదాన్ని. ఒకరోజు పొద్దున్న కూరల బండి దగ్గర ఆడపడుచు కలిసి, "మీ అన్నయ్యల ఊరు చూపించారమ్మాయ్ నిన్న. చెరువు గట్ల గొడవట మళ్ళీ. మీ పెద్దన్నయ్య కూడా కనిపించాడు, జనంలో వెనక నిలబడి. తమ్ముడు నీకు చెప్పలేదూ?" అంది.

చెప్పలేదు. నా పుట్టింటి వార్త, నా అన్నయ్య మొహం, నా మొగుడు ఆవిడ పక్కన కూర్చుని చూసి ఇంటికొచ్చి పడుకున్నారు. నేను అక్కడే బెండకాయలు విరిచి చూస్తున్నట్టు తల వంచుకుని, "చెప్పారండి" అన్నాను. ఆ బండివాడికి కూడా అది అబద్ధమని తెలిసిపోయి ఉంటుంది.

ఆ వారంలోనే టీవీ కొన్నాను. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టాలి, అంతే. పల్చటి టీవీలు అప్పుడే మా ఊళ్ళో ఇళ్ళల్లోకి వస్తున్నాయి. మెయిన్ బజార్లో కొట్టుకి వెళ్ళాం. గోడకి వరసగా ఏడెనిమిది వెలుగుతున్నాయి. ఒకదాంట్లో బొమ్మ ఎంత కాంతిగా ఉందంటే, చిలక రెక్కలు చూస్తే కళ్ళు చెదిరిపోయాయి. ఇదే అన్నాను. కొట్టతను లోపలి నుంచి సీలు వేసిన పెట్టె తెప్పించాడు.

"పెట్టెలోది నాకొద్దు. ఆ వెలుగుతున్నదే ఇవ్వండి."

"అది డిస్‌ప్లే పీసండీ. ఇదీ అదే మోడలు, కొత్తది."

"మొప్ప ఎత్తి చూడకుండా నేను చేప కొననండి. మూటలో చేప ఎవడైనా కొంటాడా? కదులుతున్నదే కావాలి."

అంతకు రెండేళ్ళ ముందు సీలు పెట్టెలో గ్రైండరు కొంటే లోపల రాయి పగిలి ఉంది. ఆ కొట్టువాడు ఒప్పుకోలేదు. ఆ అవమానం ఒకటి నా లెక్కలో ఉంది. మా ఆయన సర్దిచెప్పబోయారు, నేను వినలేదు. చివరికి కొట్టతను నవ్వి, "మీ ఇష్టమండీ, నాకేం?" అని గోడ మీది నుంచి దాన్నే దింపి ఇచ్చాడు. గెలిచాననుకున్నాను.

ఆ సాయంత్రం వీధిలో సగం మంది చూడ్డానికి వచ్చారు. ఆడపడుచు కూడా వచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మరీ మండిపోతోందమ్మాయ్, కళ్ళు లాగుతున్నాయి" అంది. ఓర్వలేక అంటోందనుకున్నాను. ఏడింటికి వార్తలు పెట్టాను. మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఇంకా జరుపుకున్నారు. సౌండు అరవై దాకా పెంచాను. స్టాండు మీది గాజు బొమ్మలు గలగలలాడాయి కానీ వార్తలామె డబ్బాలో తలపెట్టి మాట్లాడుతున్నట్టే ఉంది.

"బొమ్మ అద్దంలా ఉంది. మాటే లేదు" అన్నారాయన. లేచి చొక్కా వేసుకున్నారు.

ఆవిడ అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ కలిసి వెళ్ళారు. నాలుగిళ్ళే. ఆ నాలుగిళ్ళ దూరం నేను కిటికీలోంచి చూశాను.

రాత్రి రిమోట్ పట్టుకుని మెనూలన్నీ వెతికాను. సౌండ్ అన్నచోట ఈక్వలైజర్ అని ఐదు నిలువు గీతలు కనిపించాయి, కింద అంకెలు: నూరు, మూడు వందలు, వెయ్యి, మూడు వేలు, పది వేలు. ఐదింటినీ పైకంటా లాగాను. పెంచితే మంచిదేగా అని. మోత పెరిగింది, స్టాండు వణికింది, మాట అక్కడే ఉంది.

మర్నాడు కొట్టుకి ఫోను చేసి ఆవేళే మెకానిక్కు రావాలని పట్టుబట్టాను. వచ్చాడు, ముప్ఫై ఐదేళ్ళుంటాయి, ఓపికైన మనిషి. నేను చెప్పిందంతా విని టీవీ కింది అంచు చేత్తో తడిమి చూపించాడు.

"దీని స్పీకర్లు ఇక్కడుంటాయండీ, కింద. చిన్నవి, పల్చనివి. నోరు నేల వైపు ఉంటుంది. మాట స్టాండుకి తగిలి మీ దగ్గరికొస్తుంది. పాత టీవీకి ముందుండేవి కదండీ, అందుకే బాగా వినపడేది."

"అయితే మోసమేగా?"

"మోసం కాదండీ, పల్చగా చేస్తే ఇంతే. సెట్టింగుతో కొంత బాగుచేయొచ్చు."

అతను చెప్పిందంతా క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకున్నాను. ఎడమ చివరి గీత, నూరు అన్నది, గుంయ్యిమనే మోత. ఈ చిన్న స్పీకర్లు ఆ మోతను ఎలాగూ పలకలేవు, పెంచితే గిలగిల కొట్టుకుని మాటని కప్పేస్తాయి. అది కిందికి దింపాలి. మాట తేటగా విడిపోయేది నాలుగో గీతలో, మూడు వేలు అన్నచోట. స, త, ప లాంటివి తెలిసేదక్కడే. అది పైకి ఎత్తాలి. మూడోది కొంచెం. సరౌండ్ అనేది ఆపేయాలి, అది మాటని గది నిండా చల్లేస్తుంది. మోడ్‌లో మ్యూజిక్ తీసేసి స్పీచ్ పెడితే టీవీ తనంత తానే మాటని ముందుకు తెస్తుంది. అదీ చాలకపోతే గీతలు మనం జరుపుకోవచ్చు, అప్పుడు మోడ్ పేరు కస్టమ్ అని మారుతుంది.

"ఫ్యాక్టరీ చెవులకి పోయేది ఆ సన్న శబ్దాలేనండీ" అన్నాడు. "మా నాన్నా రైసు మిల్లులో పనిచేసినాయనే."

మార్చాక వార్తల చానెల్ పెట్టాడు. మాట నిజంగానే తేలింది. టీవీ కింద స్టాండు మీద పరిచిన గుడ్డ కూడా తీయించేశాడు, మెత్తటి గుడ్డ మాటను పీల్చేస్తుందని.

సాయంత్రం ఏడింటికి టీవీ పెట్టాను. మళ్ళీ అదే డబ్బాలో గొంతు. మెనూ తీస్తే మ్యూజిక్ అని ఉంది, సరౌండ్ ఆన్‌లో ఉంది, గీతలన్నీ మధ్యలో నిలబడి ఉన్నాయి. మా ఆయన చొక్కా అప్పటికే వేసుకున్నారు.

మెకానిక్కుని మళ్ళీ పిలిచి తిట్టాను. అతను మళ్ళీ మార్చి, "ఎవరో నొక్కి ఉంటారండీ" అని వెళ్ళిపోయాడు. ఎవరో! ఆ ఒక్క మాట నాలో పడింది.

ఆ తర్వాతి ఆదివారం నేనే అన్నీ సరిచేసి పెట్టాను. ప్రార్థన నుంచి వచ్చి, అన్నాలు తిని, నాలుగింటికి టీవీలో వాక్యం వినేటప్పుడే సరిచేశాను. సాయంత్రం వార్తలకి ఏదీ మారలేదు. మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నారు. వాలి! ముందుకు వంగలేదు. మధ్యలో నా వైపు తిరిగి, "ఇదిగో, మీ కైకలూరు రోడ్డు గురించే చెప్తున్నారు" అన్నారు. బనీనుతోనే ఉన్నారు. నేను టీ పెట్టి తెచ్చాను. ఆ అరగంటలో నాకు జీవితంలో లోటు లేదనిపించింది.

సోమవారం సాయంత్రం మళ్ళీ మ్యూజిక్, మళ్ళీ సరౌండ్.

అప్పుడు లెక్క చూసుకున్నాను. ఆదివారం ఆడపడుచు రాలేదు. సోమవారం వచ్చింది. మంగళవారం వచ్చింది, సెట్టింగు పోయింది. బుధవారమూ అంతే. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయేది, ఆవిడ ఇల్లు పెనంలా కాలిపోయేది, మా వరండాలోకి గాలి వస్తుందని వచ్చి కూర్చునేది. నేను పడుకుని ఉంటే, మంచినీళ్ళ కోసం హాల్లోకి వచ్చేది. గురువారం నేను నిద్ర నటించి కళ్ళు సగం తెరిచి చూశాను. హాల్లో మా ఆయన కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో రిమోట్.

ఇంకేం కావాలి? ఆవిడకి తమ్ముడు సాయంత్రం రావాలి. మా ఇంట్లో వినపడితే రాడు. అందుకని వినపడకుండా చేస్తోంది. ముప్ఫై ఏళ్ళ కిందట పులుసులో వాసన చూసినావిడ, ఇప్పుడు నా టీవీలో మాట తీసేస్తోంది. ఇంత తేలిగ్గా అర్థమయ్యే సంగతి నాకు ఇన్నాళ్ళూ తట్టనందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన కూడా వరండాలో ఉండగా ఆవిడ వచ్చింది. విసనకర్ర ఊపుకుంటూ, "అబ్బ, ఇక్కడ ప్రాణం లేచొస్తుందమ్మాయ్" అంది.

నేను అరవలేదు. ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను.

"వదినగారూ, మీరు రోజూ ఎందుకొస్తున్నారో నాకు తెలుసండి."

"గాలికమ్మా."

"గాలికి కాదండి. ఆ టీవీ సౌండు మార్చడానికి. నేను రోజూ పెడుతుంటే మీరు రోజూ తీసేస్తున్నారు. ఆయన మీ ఇంటికి రావాలని."

విసనకర్ర ఆగింది. మా ఆయన వైపు చూశాను. ఆయనకి ఏం వినపడి ఉంటుందిలే అనుకున్నాను. ప్రతి అక్షరం వినపడింది. స్పష్టంగా చెప్పమని ఆయనే కదా నేర్పింది.

"నేను రిమోట్ తీసేది కుర్చీలో కూర్చోడానికమ్మాయ్" అంది ఆవిడ. "నువ్వు ఎప్పుడూ కుర్చీలోనే పడేస్తావు. నల్లబల్ల మీద చాలా చెరిపాను గానీ, ఒకరింట్లో పెట్టింది ఏదీ చెరపలేదు నేను."

లేచి, చెప్పులు వేసుకుని, ఎండలోనే వెళ్ళిపోయింది.

మా ఆయన ఆ రోజు నుంచి ఏడింటికి చొక్కా వేసుకోలేదు, టీవీ ముందూ కూర్చోలేదు. వరండాలో పొద్దుటి పేపరే మళ్ళీ పట్టుకుని కూర్చునేవారు, వెలుగు పోయేదాకా. నేను టీవీ సరిచేసి పెట్టి, "వార్తలొస్తున్నాయండీ" అని పిలిచినా, "ఊఁ" అనేవారు. ఆవిడ దగ్గరికి వెళ్ళకుండా చేశాను. నా దగ్గరికి రాలేదు. ఆయన కుర్చీ ఖాళీగా, టీవీ మాత్రం ఎంతో తేటగా మాట్లాడుతూ ఉండేది.

అయితే ఒక సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆవిడ రావడం మానేసి తొమ్మిది రోజులైంది. సెట్టింగు రోజూ పోతూనే ఉంది.

పదో రోజు మెకానిక్కుని పిలిచాను. ఈసారి నేను తిట్టలేదని అతనే ఆశ్చర్యపోయాడు. అతను టీవీ పెట్టి కాసేపు సౌండు గురించి చూడకుండా బొమ్మ వైపే చూశాడు.

"ఏంటండీ, బొమ్మ ఇంత మండుతోంది? ఇంట్లో ఎవరూ ఇంత వెలుగు పెట్టుకోరు."

సౌండు స్పీచ్‌లో పెట్టాడు, బొమ్మ వెలుగు తగ్గించాడు. తర్వాత ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు. తెర వెలిగింది. చిలకల్లాంటి రంగులు. మ్యూజిక్. సరౌండ్.

"కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇంతేనాండీ?"

"రోజూ రెండింటికి పోతుంది" అన్నాను. అన్నాక, చెప్పిన మాట నాకే వినపడింది.

సెటప్ అనే మెనూలోకి వెళ్ళి చివరికి ఒకచోట ఆగాడు. రెండు మాటలున్నాయి: హోమ్, షాప్. షాప్ దగ్గర గుర్తు వెలుగుతోంది.

"కొట్లో గోడకి పెట్టేటప్పుడు ఇలా పెడతామండీ. ఎవరు ఏం కెలికినా, కరెంటు ఆపి వేయగానే మళ్ళీ కొట్టు సెట్టింగుకే వచ్చేస్తుంది. జనం చూడాలని వెలుగు ఎక్కువ, సౌండు హంగు ఎక్కువ. మీ టీవీ ఇంకా కొట్లోనే ఉన్నాననుకుంటోందండీ." గొంతు తగ్గించి అన్నాడు: "పెట్టెలో పీసు తీసుకుని ఉంటే మొదటిసారి పెట్టగానే ఇల్లా షాపా అని అదే అడిగేది. దింపిచ్చేటప్పుడు మావాళ్ళు మార్చి ఇవ్వాల్సింది, తప్పు మాదే."

తప్పు వాళ్ళదే. అది నేను కొట్టతనికి ఫోనులో పావుగంట చెప్పాను. కానీ ఆవేళ కొట్లో వెలుగుతున్నదే కావాలని పట్టుబట్టింది ఎవరో పక్కనే ఉన్న మా ఆయన విన్నారు, గుర్తుపెట్టుకున్నారు కూడా.

హోమ్‌లో పెట్టాక మెకానిక్కు మా ఆయన్ని లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. "మీ చెవే మీటరండీ. చెప్పండి" అన్నాడు. స్పీచ్ పెట్టాడు, "బాగుంది, ఇంకా కావాలి" అన్నారు. నాలుగో గీతను ఒక్కొక్క మెట్టే ఎత్తుతూ వెళ్ళాడు. ఐదో మెట్టు దగ్గర మా ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు. వార్తలామె చెబుతున్నది ఆమె వెనకే పొల్లుపోకుండా అప్పజెప్పారు, బళ్ళో పిల్లాడిలాగ. ప్లగ్గు పీకి పెట్టి చూశాం. చెదరలేదు.

మెకానిక్కు వెళ్ళాక మా ఆయన పది రోజుల్లో మొదటిసారి నాతో సరిగ్గా మాట్లాడారు.

"అక్కయ్యని పిలుచుకురా."

"మీరే వెళ్ళండి."

"నేను వెళ్తే అక్కడే కూర్చుంటాను."

వెళ్ళాను. నాలుగిళ్ళు. ఆవిడ గుమ్మంలో చింతపండు గింజలు తీస్తోంది. క్షమించమని అడగలేదు. నాకు ఆ మాట నోటికి రాదు, పులుసు రోజున ఆవిడకీ రాలేదు.

"టీవీ బాగైందండి. ఆయన రమ్మంటున్నారు."

"ఏమిటట దాని జబ్బు?"

"కొట్లోనే ఉన్నాననుకుందటండి. కరెంటు పోయినప్పుడల్లా."

ఆవిడ గింజ ఒకటి తీసి పక్కన వేసి, "కొత్త చోట అలవాటుపడ్డానికి టైము పడుతుంది" అంది. టీవీ గురించే అందో, ముప్ఫై ఏళ్ళ కిందటి నా గురించే అందో ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండోదే అయితే, అదీ లెక్కలో రాసుకున్నాను.

వచ్చింది. వార్తలు మొదలయ్యాయి. మా ఆయన వెనక్కి వాలారు. ఆవిడ మాత్రం రెండు నిమిషాలకే నుదురు చిట్లించింది. నాకు తెలుసు ఎందుకో. ఆయన చెవికి సరిపోయేటట్టు ఎత్తిన నాలుగో గీత మంచి చెవులకు సన్నగా, రేకు మీద గోరు గీసినట్టు ఉంటుంది. నాకూ అలాగే ఉంది. మర్యాదకి అడిగాను.

"మామూలుగా మార్చనాండీ?"

"వద్దమ్మాయ్. వాడికి వినపడనీ."

నేను అనాల్సిన మాట అది. నా ఇంట్లో, నేను సాధించి తెచ్చిన సౌండు ముందు కూర్చుని, ఆ మాట కూడా ఆవిడే అనేసింది.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ మా ఇంట్లోనే. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టాలనుకున్నాను, కూర్చోబెట్టాను. ఆయనతో పాటు ఆవిడా వచ్చింది. చెవులు కోసే ఆ సౌండును ఇద్దరం చెరో పక్కన కూర్చుని భరించేవాళ్ళం, ఎవరు ముందు నుదురు చిట్లిస్తారా అని ఒకరినొకరు చూసుకుంటూ. పాత ముచ్చట్లు ఇప్పుడు నా ముందే చెప్పుకునేవారు. నవ్వు వచ్చినా నేను నవ్వేదాన్ని కాదు.

ఒక్కటి మాత్రం. ఆవిడ రోజూ కూర్చునే ముందు, కుర్చీలో ఉన్న రిమోట్‌ను రెండు వేళ్ళతో పైకెత్తి తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, అప్పుడు వెళ్ళి కూర్చునేది. నేను దాన్ని ముందే తీసి బల్ల మీద పెట్టి ఉండొచ్చు. ఒక్కరోజూ పెట్టలేదు.